మిగులు కనిపిస్తున్నా ఆగిపోయిన ఇండెంట్

పంపులు తయారుచేసే ఒక మధ్యతరహా ఫ్యాక్టరీని ఊహించుకుందాం. అంకెలు నేను అల్లినవే గానీ, ఇలాంటి పేచీ ఈఆర్‌పీ వాడే ప్రతి ఫ్యాక్టరీలోనూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. సెప్టెంబరు మూడో వారంలో ఒక పెద్ద మోటారు కాలిపోయింది. రివైండింగుకూ బేరింగుల మార్పిడికీ కలిపి 80,000 రూపాయలవుతుందని వర్క్‌షాపువాళ్లు చెప్పారు. మెయింటెనెన్స్ ఇన్‌చార్జి కంప్యూటర్లో ఇండెంట్ తయారుచేసి సబ్మిట్ నొక్కాడు. అది ముందుకు కదల్లేదు. మెయింటెనెన్స్ కాస్ట్ సెంటర్‌లో రిపేర్ల ఖాతాకు ఈ నెలాఖరు వరకు ఉన్న బడ్జెట్ 6,00,000 అనీ, ఈ ఇండెంట్‌తో అది 25,000 మించుతుందనీ తెర మీద సందేశం వచ్చింది.

ఆయన వెంటనే వేరియన్స్ రిపోర్టు తీశాడు. అదే కాస్ట్ సెంటర్, అదే ఖాతా. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు బడ్జెట్ 6,00,000, అసలు ఖర్చు 4,30,000, తేడా 1,70,000. ఆ కాగితం పట్టుకుని అకౌంట్స్‌కు వెళ్లాడు. “సార్, లక్షా డెబ్బై వేలు మిగులని మీ రిపోర్టే చెబుతోంది. ఎనభై వేల ఇండెంట్‌ను మీ సిస్టమే ఆపేస్తోంది. ఈ రెండిట్లో ఏది నమ్మమంటారు?”

రెండూ నిజమే. రెండూ ఒకే డేటాబేసులోంచి వచ్చినవే. కాకపోతే ఒకటి అయిపోయిన ఖర్చును చూస్తుంది, రెండోది మాటిచ్చిన ఖర్చును కూడా కలుపుకుంటుంది. ఈ అధ్యాయమంతా ఆ రెండు చూపుల మధ్య ఉన్న ఎడం గురించే.

కాస్ట్ సెంటర్ అంటే ఖర్చుకు ఒక చిరునామా. కరెంటు బిల్లు, జీతం, రిపేరు అన్నవి ఖాతాల పేర్లు. డబ్బు దేనికి పోయిందో అవి చెబుతాయి. ఎవరి కోసం పోయిందో చెప్పేది కాస్ట్ సెంటర్: మెయింటెనెన్స్, ఫౌండ్రీ, సేల్స్, క్యాంటీన్. అకౌంట్స్‌వాళ్లు లెడ్జర్లో వేసే ప్రతి ఖర్చు పద్దుకూ ఈ రెండు ముద్రలూ పడతాయి. బడ్జెట్ కూడా ఈ రెండూ కలిసే గడిలోనే కూర్చుంటుంది. మన ఉదాహరణలో మెయింటెనెన్స్ వరసా రిపేర్ల నిలువూ కలిసే గడిలో ఏడాదికి 12,00,000 ఉంది. అంటే మెయింటెనెన్స్ మొత్తం బడ్జెట్లో డబ్బున్నా, ఈ ఒక్క గడి నిండిపోతే ఇండెంట్ ఆగవచ్చు. జనం మొదట తికమకపడేది ఇక్కడే.

ఏడాది మొత్తాన్ని నెలలకు పంచాలి. ఎలా పంచాలో చెప్పకపోతే సిస్టమ్ పన్నెండు సమాన భాగాలు చేస్తుంది, నెలకు లక్ష. రిపోర్టు ఈ వాటా పక్కన లెడ్జర్ ఖర్చును పెట్టి తేడా చూపిస్తుంది. మనం పట్టుకోబోయేది ఈఆర్‌పీనెక్స్ట్. ముంబైలో పుట్టి, ఎవరైనా తెరిచి చదువుకోదగ్గ కోడ్‌తో వస్తున్న సాఫ్ట్‌వేర్ కాబట్టి, లెక్క ఎలా వేస్తుందో ఊహించనక్కర్లేదు, చూసుకోవచ్చు. ఇందులో ఈ రిపోర్టు పేరు `Budget Variance Report`. నెలవారీగా, మూణ్ణెల్లకోసారి, ఏడాదికోసారి, ఎలా కావాలంటే అలా తీయవచ్చు. ఏ రూపంలో తీసినా ‘అసలు ఖర్చు’ గడి లెడ్జర్ నుంచే నిండుతుంది. బిల్లు పద్దు పడితేనే అది ఖర్చు. ఆర్డరిచ్చి సరుకు కోసం ఎదురుచూస్తున్న డబ్బు ఇందులో కనబడదు.

అందుకే రిపోర్టులో మిగులు చూసి సంబరపడే మేనేజర్‌ను నేను కాస్త అనుమానంగానే చూస్తాను. ఆ మిగులుకు కారణాలు చాలా ఉండవచ్చు. నిజంగా పొదుపు చేసి ఉండవచ్చు. మే నెలలో జరగాల్సిన ఓవర్‌హాలింగ్ అక్టోబరుకు వాయిదా పడి ఉండవచ్చు. పని జరిగిపోయి, బిల్లు వెండరు బల్ల మీదో మన సొరుగులోనో నిద్రపోతూ ఉండవచ్చు. మొదటిది మాత్రమే మంచి వార్త. మిగతావి ముందుముందు వచ్చే ఖర్చు. మూడూ ఒకే అంకెగా కనిపిస్తాయి.

బ్యాంకు పాసుబుక్కులో నిల్వ చూసి, అప్పటికే రాసిచ్చిన చెక్కుల్ని మరచిపోయిన మనిషి పరిస్థితి ఇదే. రాసిచ్చిన చెక్కుల్లాంటి మొత్తాలను అకౌంటెన్సీలో కమిట్‌మెంట్లు అంటారు. ఒరాకిల్ వాడేవాళ్లు ఎన్‌కంబ్రెన్స్ అంటారు. ఇండెంట్ ఆమోదం పొందగానే కొంత డబ్బు పక్కన పెట్టినట్టు లెక్క. ఇండెంట్ మీద పర్చేజ్ ఆర్డరు పడితే ఆ ముడి ఇండెంట్ నుంచి విడిపోయి ఆర్డరుకు పడుతుంది. బిల్లు వస్తే ఆర్డరు నుంచి కూడా విడిపోయి అసలు ఖర్చుగా మారుతుంది. ఒకే రూపాయి మూడు వేషాలు వేస్తుంది గానీ, ఏ క్షణంలోనైనా ఒక్క వేషంలోనే ఉండాలి.

మన దేశంలో ప్రభుత్వ ఖాతాలు నగదు పద్ధతిలో నడుస్తాయి. చెల్లింపు జరిగినప్పుడే ఖర్చు లెక్కకెక్కుతుంది. పని అప్పగించిన నాటి నుంచి బిల్లు చెల్లించే నాటి దాకా ఉన్న భారం ప్రధాన లెక్కల్లో కనబడదు. పనులు పూర్తిచేసి బిల్లుల కోసం ఏళ్ల తరబడి తిరిగే కాంట్రాక్టర్ల కథలు తెలుగు పత్రికల్లో మనం చదువుతూనే ఉంటాం. దానికి కారణాలు అనేకం గానీ, బడ్జెట్‌ను పని అప్పగించేటప్పుడు కాకుండా బిల్లు వచ్చాక అడ్డం పెట్టడం వాటిలో ఒకటి. ఫ్యాక్టరీ ఇండెంట్ దగ్గరే ఆపుతున్నదంటే, సరుకు గేటు లోపలికి రాకముందే కాదనే అవకాశం ఇంకా ఉందన్న మాట.

ఇక లెక్కలోకి దిగుదాం. ఈఆర్‌పీనెక్స్ట్‌లో ఇండెంట్‌ను `Material Request` అంటారు. అది కొనుగోలు రకానిది అయితేనే బడ్జెట్ తనిఖీ జరుగుతుంది. అదీ సబ్మిట్ చేసేటప్పుడే. డ్రాఫ్ట్‌గా ఎన్ని పేర్చుకున్నా ఎవరూ అడగరు, అవి ఎక్కడా లెక్కకూ రావు. సబ్మిట్ నొక్కినప్పుడు సిస్టమ్ మూడు మొత్తాలు తీస్తుంది. కోడ్‌లో ఉన్న పేర్లతోనే వాటి సారాంశం ఇది:

```
requested = (stock_qty - ordered_qty) * rate
ordered   = amount - billed_amt
actual    = debit - credit
```

మొదటిది ఇండెంట్లలో ఇంకా ఆర్డరు కాని భాగం, కొత్త ఇండెంట్ కూడా ఇందులోకే వస్తుంది. రెండోది ఆర్డర్లలో ఇంకా బిల్లు రాని భాగం. మూడోది లెడ్జర్. మన ఫ్యాక్టరీలో లెడ్జర్ ఖర్చు 4,30,000. కంప్రెసర్ పనికి ఇచ్చిన 1,10,000 ఆర్డరులో 40,000కు బిల్లు వచ్చింది. ఆ నలభై వేలు ఇప్పటికే లెడ్జర్లో ఉన్నాయి కాబట్టి ఆర్డరు కింద మిగిలేది 70,000. జూన్‌లో పెట్టిన బేరింగుల ఇండెంట్ ఒకటి 45,000తో అలాగే ఉంది. దానికి కొత్త 80,000 కలుస్తుంది. అన్నీ కూడితే 6,25,000. ఆరు లక్షల హద్దు మీద 25,000 ఎక్కువ. తెర మీద వచ్చిన అంకె ఇదే.

రిపోర్టులోని 1,70,000 నుంచి బిల్లు రాని 70,000, ఆర్డరు కాని 45,000 తీసేస్తే చేతిలో ఉన్నది 55,000. ఇండెంట్ 80,000. సిస్టమ్ చేసిన ఆక్షేపణలో తప్పేమీ లేదు. అకౌంట్స్ ఆఫీసరు ఇంతవరకు చెప్పి ఊరుకుంటే మోటారు మూలన పడి ఉండేది. ఆయన ఇంకో ప్రశ్న వేశాడు: “జూన్‌లో అడిగిన బేరింగులు సెప్టెంబరు దాకా కొనకపోతే మిషన్లు ఎలా తిరుగుతున్నాయి?”

కొన్నారు. జూన్‌లోనే అర్జెంటని ఊళ్లో ఒక షాపులో తెచ్చుకున్నారు. బిల్లును ఆర్డరుతోనూ ఇండెంట్‌తోనూ ముడిపెట్టకుండా నేరుగా అకౌంట్స్‌లో పద్దు వేశారు. ఆ 45,000 ఇప్పటికే 4,30,000లో ఉంది. ఇండెంట్ మాత్రం తన మీద ఆర్డరు పడలేదు కాబట్టి ఇంకా 45,000 పట్టుకుని కూర్చుంది. ఒకే రూపాయి ఏకకాలంలో రెండు వేషాలు వేస్తోంది. ఆ పాత ఇండెంట్‌ను స్టాప్ చేశారు. స్టాప్ చేసిన ఇండెంట్లను లెక్క పట్టించుకోదు. మొత్తం 5,80,000కు దిగింది. మోటారు ఇండెంట్ సాఫీగా వెళ్లిపోయింది.

బడ్జెట్ అడ్డం పడినప్పుడు నేనైతే ముందు చూసేది ఇలా చచ్చిన ఇండెంట్లనూ ఆర్డర్లనూ. సాధారణంగా వాటి జాడ మూడు చోట్ల దొరుకుతుంది. ఇండెంట్‌తో లింకు లేకుండా కొత్తగా కొట్టిన ఆర్డరు ఒకటి. పైన చూసిన నేరు బిల్లు రెండోది. వంద అడిగితే వెండరు తొంభై ఐదు ఇచ్చి, మిగతా ఐదు ఇక రాదని అందరికీ తెలిసినా క్లోజ్ చేయని ఆర్డరు మూడోది. అరవై రోజులు దాటిన ఇండెంట్లూ ఆర్డర్లూ ఒక జాబితాగా తీసి నెలకోసారి స్టోర్స్‌వాళ్లతో కూర్చుంటే, ‘బడ్జెట్ చాలదు’ అనే ఫిర్యాదుల్లో కొన్నయినా అక్కడే తీరిపోతాయి.

దీనికి తిరగేసిన లోపం కూడా ఉంది, అది చప్పుడు చేయదు కాబట్టి ఇంకా ప్రమాదం. పై సూత్రంలో `rate` అనే మాట చూడండి. ఇండెంట్ పెట్టేవాడికి ధర తెలియక ఆ గడిని సున్నాగా వదిలేస్తే, ఎంత పెద్ద ఇండెంటైనా విలువ సున్నా. తనిఖీ దాన్ని నవ్వుతూ పంపించేస్తుంది. అసలు ధర పర్చేజ్ ఆర్డరు దగ్గర బయటపడి అక్కడ ఆగుతుంది. అప్పటికి కొటేషన్లు తెప్పించి, బేరమాడి, వెండరుకు మాటిచ్చి ఉంటారు. ఇండెంట్లు ఏవీ ఆగకుండా ఆర్డర్లే ఆగుతున్న సంస్థలో మొదట ధరల గడి చూడాలి.

స్టాకులోకి వెళ్లే సరుకులతో ఇంకో సందు ఉంది. కొన్న బేరింగు స్టోర్స్‌లో ఉన్నంతకాలం అది ఆస్తి. స్టోర్స్ నుంచి మిషన్ దగ్గరికి ఇష్యూ చేసినప్పుడే ఖర్చు. బిల్లు వచ్చేసింది కాబట్టి ఆర్డరు ముడి విడిపోయింది. ఇష్యూ కాలేదు కాబట్టి లెడ్జర్ ఖర్చులోకీ రాలేదు. ఆ మధ్య రోజుల్లో ఆ డబ్బు బడ్జెట్ తనిఖీకి అసలు కనబడదు. ఆ ఖాళీ చూసి ఇంకో ఇండెంట్ పెడితే అదీ దాటిపోతుంది. స్పేర్లన్నీ స్టాకు పద్ధతిలో పెట్టుకున్న ఫ్యాక్టరీలకు కాస్ట్ సెంటర్ బడ్జెట్ ఒక్కటే కాపలా కాలేదు. స్టోర్స్ నిల్వకు వేరే పరిమితి ఉండాలి.

మించితే ఏం చేయాలన్నది సంస్థ ఎంచుకునేదే. ఈఆర్‌పీనెక్స్ట్‌లో మూడు దారులు: `Stop`, `Warn`, `Ignore`. ఇండెంట్‌కు, ఆర్డరుకు, లెడ్జర్ పద్దుకు వేర్వేరుగా పెట్టుకోవచ్చు. అందులోనూ ఏడాది బడ్జెట్‌కు ఒకటి, నెలల మీద పోగయిన వాటాకు ఇంకొకటి. శాప్‌లో హెచ్చరిక, పై అధికారికి మెయిలుతో హెచ్చరిక, పూర్తి ఆపుదల అని మెట్లు ఉంటాయి. బడ్జెట్లో ఎంత శాతం దగ్గర ఏ మెట్టో చెప్పుకోవచ్చు. పేర్లు వేరైనా నిర్ణయం ఒక్కటే: ఏ తలుపుకు తాళం, ఏ తలుపుకు గంట.

మన ఫ్యాక్టరీ నెలల వాటాకు కూడా `Stop` పెట్టుకుంది. అదే దాని మొదటి తప్పు అని నా అభిప్రాయం. మెయింటెనెన్స్ ఖర్చు నెలకో లక్ష చొప్పున బుద్ధిగా రాదు. ఏప్రిల్లో ఏసీలకూ జనరేటర్లకూ కలిపి 3,60,000కు వార్షిక కాంట్రాక్టు ఆర్డరు ఇవ్వాలనుకోండి. బిల్లులు నెలకు 30,000 చొప్పునే వస్తాయి. కానీ ఆర్డరు పడిన రోజునే బిల్లు రాని భాగం మొత్తం కమిట్‌మెంట్‌గా లెక్కకెక్కుతుంది. ఏప్రిల్ వాటా లక్ష. ఆర్డరు ఆగుతుంది. ఏడాది బడ్జెట్ 12,00,000 చెక్కుచెదరకుండా ఉన్నా సరే. దీనికి మందులు రెండు. మొదటిది, ఖర్చులూ ఆర్డర్లూ నిజంగా ఏ నెలల్లో పడతాయో చూసి నెలల పంపకాన్ని రాసుకోవడం. షట్‌డౌన్ ఉన్న మే నెలకు ఎక్కువ, డిసెంబరుకు తక్కువ. రెండోది, నెలల వాటాకు `Warn`, ఏడాదికి `Stop`. ఈఆర్‌పీనెక్స్ట్‌లో ఎవరూ మార్చకముందు ఉండే అమరిక కూడా ఇదే. ఎవరో క్రమశిక్షణ పేరుతో దాన్ని బిగించారు.

రెండో తప్పు లెడ్జర్ పద్దుకు `Stop` పెట్టడం. సరుకు వచ్చింది, మిషన్‌లో బిగించారు, బిల్లు చేతిలో ఉంది. ఇప్పుడు బడ్జెట్ లేదని పద్దు ఆపితే ఖర్చు జరగకుండా పోతుందా? జరిగిన ఖర్చు లెక్కల్లోకి రాకుండా పోతుంది, అంతే. వేరియన్స్ రిపోర్టు శుభ్రంగా కనిపిస్తుంది, వెండరు ఫోన్లు మాత్రం పెరుగుతాయి. ఆ వెండరు నమోదైన సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమ అయితే ఇంకో చిక్కు. ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. గడువు దాటితే, డబ్బు చెల్లించే ఏడాది దాకా ఆ ఖర్చుకు ఆదాయపన్నులో మినహాయింపు రాదు. 2023-24లో 43బీ(హెచ్) సెక్షన్‌తో వచ్చిన నియమం ఇది. బడ్జెట్‌ను కాపాడబోయి పన్ను పెంచుకున్నట్టవుతుంది. బిల్లు దగ్గర గంట చాలు, తాళం అక్కర్లేదు.

తాళం ఉన్న చోట మనుషులు దొంగదారి వెతుకుతారు. రిపేర్ల ఖాతా నిండిపోతే మోటారు రివైండింగు ‘ఇతర ఖర్చుల’ ఖాతాలోకి పోతుంది. మెయింటెనెన్స్ నిండితే ఫౌండ్రీ కాస్ట్ సెంటర్ మీద ఇండెంట్ పడుతుంది, ఫౌండ్రీ మేనేజరుకు రిపోర్టు వచ్చేదాకా తెలియదు. ఇండెంట్ దగ్గర గట్టిగా ఆపడం మొదలెట్టాక వేరియన్స్ రిపోర్టును చదివే పద్ధతి మార్చుకోవాలి. ఎక్కడ మించిందని వెతికితే ఏమీ దొరకదు, మించడం కుదరదు కాబట్టి. హద్దుకు ఆనుకుని సరిగ్గా ఆగిపోయిన గడులు చూడాలి. ఏడాదికి 12,00,000 ఉన్న ఖాతా జనవరిలోనే 11,98,000 దగ్గర ఆగి, అదే నెల నుంచి పక్క ఖాతా ఉన్నట్టుండి పైకి లేస్తే, ఖర్చు ఇల్లు మారిందని అర్థం.

అత్యవసరాలకు ఒక సరైన దారి ఉంటేనే దొంగదారులు తగ్గుతాయి. ఈఆర్‌పీనెక్స్ట్‌లో కంపెనీ సెట్టింగులలో మినహాయింపు ఇచ్చే పాత్ర ఒకటి చెప్పుకోవచ్చు. ఆ పాత్ర ఉన్న మనిషి సబ్మిట్ చేస్తే `Stop` కాస్తా హెచ్చరికగా మారుతుంది. ఖర్చు సరైన ఖాతాలోనే, సరైన కాస్ట్ సెంటర్ మీదే పడుతుంది, మించినట్టు రిపోర్టులో నిజాయితీగా కనిపిస్తుంది. ఆ పాత్ర ఒకరిద్దరికే ఉండాలి. పది మందికి ఇచ్చిన చోట తాళం ఉన్నట్టా లేనట్టా చెప్పలేం.

మార్చి 31 దగ్గర ఇంకో మలుపు ఉంది. మన కంప్రెసర్ ఆర్డరులో బిల్లు రాని 70,000 అలాగే ఉండి ఏడాది ముగిసిందనుకుందాం. ఈఆర్‌పీనెక్స్ట్ తనిఖీ ఆ ఆర్థిక సంవత్సరంలోని తేదీలున్న పత్రాలనే చూస్తుంది. ఏప్రిల్ 1న ఆ ఆర్డరు పాత ఏడాది తేదీతో ఉండిపోయి, కొత్త ఏడాది కమిట్‌మెంట్లలో కనిపించదు. బిల్లు మాత్రం మేలో వచ్చి కొత్త బడ్జెట్‌ను తింటుంది. పాత ఏడాది 70,000 మిగిలినట్టు ముగుస్తుంది, కొత్త ఏడాది 70,000 లోటుతో మొదలవుతుంది, మేనేజరు రెండు రిపోర్టుల్లోనూ చేయని పనికి పేరు తెచ్చుకుంటాడు. శాప్, ఒరాకిల్‌లలో ఇలాంటి ఆర్డర్లను వాటి బడ్జెట్‌తో సహా కొత్త ఏడాదికి మోసుకెళ్లే ప్రత్యేక ప్రక్రియలు ఉన్నాయి. ఈఆర్‌పీనెక్స్ట్ వాడేచోట మార్చి చివరి వారంలో బిల్లు రాని ఆర్డర్ల జాబితా తీసి, కాస్ట్ సెంటర్ వారీగా కూడి, ఆ మొత్తాన్ని కొత్త ఏడాది బడ్జెట్‌కు చేత్తో కలపాలి. మెయింటెనెన్స్ రిపేర్లకు వచ్చే ఏడాది కూడా 12,00,000 అనుకుంటే, బడ్జెట్ గడిలో వేయాల్సింది 12,70,000.